4,800 పేజీల వాన లెక్కలు: ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, ఎన్ని తప్పులు ఒప్పుకోవచ్చు?

వంశధార_గట్టు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా దగ్గర ఒక పాత రికార్డు గదిలో రోజువారీ వర్షపాతం రిజిస్టర్లు బయటపడ్డాయి. బైండు చేసిన 52 సంపుటాలు, దాదాపు 4,800 పేజీలు. ఒక పేజీ అంటే ఒక స్టేషన్‌కు ఒక సంవత్సరం. అడ్డంగా పన్నెండు నెలలు, నిలువుగా 31 తేదీలు, అడుగున నెల మొత్తం, దాని కింద వాన పడిన రోజుల సంఖ్య. అన్నీ చేతిరాతే. 2018లో తిత్లీ తుపానుకు మా గజపతి జిల్లా ఎలా మునిగిందో తెలిసిందే. మహేంద్రతనయ, వంశధార పరీవాహకంలో అంత వాన ఇదివరకు ఎన్నిసార్లు పడిందో చూడాలని మా నలుగురి ఆలోచన.

ఫోటోలు తీసి, ఎక్సెల్‌లోకి ఎక్కించాలి. చేతిలో నాలుగు లక్షలు ఉన్నాయి. జూన్‌లో వానలు మొదలయ్యేలోగా అయిపోవాలి, ఎందుకంటే ఆ గది కారుతుంది. మొన్న ఇరవై పేజీలు ఎక్కించి చూస్తే పేజీకి ఏడు నిమిషాలు పట్టింది. అంటే మొత్తం 33,600 నిమిషాలు, 560 గంటలు. ఇద్దరు కుర్రాళ్లను పెడితే మూడు నెలల్లో అయిపోతుందనుకుంటున్నా. లెక్క సరేనా?

గంజాం_గోపి

సరే కాక ఏముంది బ్రదర్. ఇద్దరి చేతా విడివిడిగా కొట్టించు, తేడా వచ్చినచోట మాత్రమే చూడు. అంతకంటే ఏం అక్కర్లేదు. అసలు మనుషులెందుకు, ఫోటోలోని రాతను కంప్యూటరే చదివే ఓసీఆర్ పెట్టి చూశావా?

వంశధార_గట్టు

చూశాం గోపీ. అచ్చు గీతల పట్టిక బాగానే పట్టుకుంటుంది. లోపల సిరా చేతిరాత దగ్గర చతికిలబడింది. గుమాస్తా గీసిన అడ్డగీతను ఒకటి అంటుంది, చుక్కను సున్నా అంటుంది. ఆ దిద్దుబాటు కంటే కొత్తగా కొట్టడమే త్వరగా అయింది.

లెక్కల_మాస్టారు (బరంపురం)

ఒక్క ప్రశ్న అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ ఇరవై పేజీలు ఏ సంపుటంలోవి?

వంశధార_గట్టు

పై అరలో ఉన్నదే తీశాం మాస్టారూ. 1970ల నాటిది అనుకుంటా. శుభ్రంగా ఉంది.

లెక్కల_మాస్టారు

అదే నా అనుమానం. పై అరలో ఎప్పుడూ కొత్తవే ఉంటాయి. మీరు కొలిచింది 4,800 పేజీల వేగం కాదు, ఒక మంచి పుస్తకం వేగం.

మన ప్రాంతం చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కాబట్టి అంతకు ముందువి మద్రాసు ఫారాలు అయ్యుంటాయి, తరవాతవి వేరే ఫారాలు. 1950ల చివరిదాకా కొలత అంగుళాలూ సెంట్లూ. అంటే అంగుళంలో నూరో వంతు ఒక సెంటు. తరవాత మిల్లీమీటర్లు వచ్చాయి. ఇవి కాక తడిసినవి, చెద పట్టినవి ఎలాగూ ఉంటాయి. ముందు 52 సంపుటాలనూ తిరగేసి ఈ నాలుగు రకాల్లో ఏది ఏ రకమో పెన్సిల్‌తో రాసుకోండి. ఒక పూట పని.

తరవాత ప్రతి రకంలోంచి పదిహేనేసి పేజీలు చీటీలు తీసినట్టు ఎంచుకోండి. చాలామంది "ప్రతి పన్నెండో పేజీ తీస్తే సరిపోతుంది కదా" అంటారు. మీ సంపుటంలో పన్నెండు స్టేషన్లు వరసగా వచ్చి మళ్లీ మొదలవుతుంటే, పన్నెండో పేజీ తీసిన ప్రతిసారీ అదే స్టేషన్ వస్తుంది. ఆ ఊరి గుమాస్తా రాత ముత్యాల్లా ఉంటే మీ లెక్కంతా ముత్యాల్లా కనిపిస్తుంది. అందుకని ఎక్సెల్‌లో యాదృచ్ఛిక సంఖ్య వేసి ఎంచుకోండి.

ఆ అరవై పేజీలనూ ఇద్దరి చేతా విడివిడిగా కొట్టించండి. గడియారం దగ్గర పెట్టుకోండి. అప్పుడు మాట్లాడదాం.

పట్టా_కోసం

సార్, మా తాతగారి భూమి గుణుపూర్ దగ్గర, పాత సర్వే నంబరు ఉంది. మీ రిజిస్టర్లలో పట్టా పేజీ దొరికితే ఫోటో పెట్టగలరా? తమ్ముళ్లతో గొడవ నడుస్తోంది.

రాయగడ_రమణి

అయ్యా, ఇవి వాన రిజిస్టర్లు. భూమి మీద ఎంత కురిసిందో ఉంటుంది గానీ భూమి ఎవరిదో ఉండదు. తహసీలు ఆఫీసులో అడగండి.

వంశధార గారూ, ఫోటోల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ఒక గ్రంథాలయంలో ఇలాంటి బైండు పుస్తకాలు నేనూ మా చెల్లీ ఫోటోలు తీశాం. ఒకరు పేజీ తిప్పాలి, ఒకరు కెమెరా నొక్కాలి. మొదటి రోజు 410 పేజీలు తీసి పండగ చేసుకున్నాం. సాయంత్రం కంప్యూటర్‌లో చూస్తే దాదాపు అరవై పనికిరావు. కొన్ని కదిలిపోయాయి. ఎక్కువ భాగం మాత్రం కుట్టు దగ్గర మునిగిపోయాయి. తరవాత నిదానించి, తీసిన ప్రతి సంపుటాన్నీ అదే రోజు చూసుకుంటూ వెళ్తే రోజుకు 240 మిగిలాయి. ప్లాన్‌లో 240 రాసుకోండి, 400 కాదు.

ఆ కుట్టు సంగతి మీకు చాలా ముఖ్యం. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో కుట్టులోకి పోయేది డిసెంబరు. అది పోతే కనీసం కంటికి తెలుస్తుంది. కుడి పేజీలో పోయేది తేదీల వరస. అంకెలన్నీ చక్కగా కనిపిస్తాయి, తేదీ మాత్రం ఉండదు. కొట్టేవాడు వేలు పెట్టి వరసలు లెక్కపెట్టుకుంటాడు, ఒకచోట జారతాడు. అక్కణ్నుంచి నెలాఖరు దాకా వానంతా ఒక రోజు అటో ఇటో పోతుంది. థర్మోకోల్ దిమ్మలు రెండు వైపులా వాలుగా పెట్టి, పుస్తకాన్ని పూర్తిగా కాకుండా మూడొంతులు తెరిచి, ఒక్కో పేజీ విడిగా తీయండి. పైన గాజు పలక మెల్లగా ఆనించండి. ఫైలు పేరులోనే సంపుటం, పేజీ ఉండాలి, `V07_034.jpg` లాగా. కెమెరా ఇచ్చిన నంబర్లతో వదిలేస్తే రెండు నెలల తరవాత ఏడుపే.

వంశధార_గట్టు (పన్నెండు రోజుల తరవాత)

మాస్టారూ, మీ మాట విని మంచిపని చేశాం. నాలుగు రకాలు ఇలా తేలాయి.

మద్రాసు కాలం నాటివి 1,700 పేజీలు. వీటిలో అంగుళానికి ఒక వరస, సెంట్లకు ఒక వరస. పేజీకి సగటున 11 నిమిషాలు పట్టింది. 1936 తరవాత అంగుళాల్లోనే ఉన్నవి 1,400, తొమ్మిది నిమిషాలు. మిల్లీమీటర్లవి 1,300, ఏడు నిమిషాలు. మొదట మేం కొలిచింది ఈ రకాన్నే. తడిసినవి 400 పేజీలు, ఒక్కోదానికి 24 నిమిషాలు. ఒక కుర్రాడు భూతద్దం కూడా తెచ్చుకున్నాడు.

అన్నీ గుణించి కలిపితే సరిగ్గా 50,000 నిమిషాలు. నేను వేసుకున్నది 33,600. అదీ ఒకసారి కొట్టడానికి మాత్రమే. రెండుసార్లంటే లక్ష నిమిషాలు. మూడు నెలల కల కరిగిపోయింది.

ఇంకో సంగతి. పేజీలో 365 గళ్లున్నా అంకె ఉన్నవి సగటున 85 మాత్రమే. మిగతావి ఖాళీ, లేదా అడ్డగీత. పేజీ అంచుల్లో అక్కడక్కడ ఒడియా అంకెల్లో పెన్సిల్ కూడికలు ఉన్నాయి. ఒడియా నాలుగును మా కుర్రాడు ఎనిమిది అనుకున్నాడు. అది చూసుకునేసరికి ఒక పూట పోయింది.

ఇంకా కూడికలు సరిపోవట్లేదు. కొట్టిన అంకెలను కూడి, పేజీలో గుమాస్తా వేసిన నెల మొత్తంతో పోల్చే సూత్రం పెట్టాం:

```
=ROUND(SUM(C5:C35)-C36,2)
```

సున్నా రావాలి. చాలాచోట్ల రావట్లేదు. తప్పు మాదా, గుమాస్తాదా?

పద్దుల_పంతులు (ఇచ్ఛాపురం)

నేను ముప్పై ఏళ్లు ఖాతా పుస్తకాలు రాసినవాణ్ని. తేడాను తొమ్మిదితో భాగించి చూడు బాబూ. నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారు అయినట్టే. 36కి బదులు 63 పడితే తేడా 27. ఎప్పుడూ తొమ్మిదో ఎక్కమే వస్తుంది.

నీ మద్రాసు రిజిస్టర్లలో అసలు గండం ఇంకోటి ఉంది. గుమాస్తా అంగుళాల వరసలో 1, సెంట్ల వరసలో 7 రాస్తాడు. అంటే ఒక అంగుళం ఏడు సెంట్లు, 1.07. ఈ కాలం పిల్లలు 1.7 అని కొడతారు. తేడా 63 సెంట్లు. చూశావా, అది కూడా తొమ్మిదో ఎక్కమే.

వంశధార_గట్టు

పంతులుగారూ, మీకు దండం! వెతికితే మద్రాసు పేజీల్లో సరిపోని నెలల్లో దాదాపు సగం ఇదే తప్పు. ఇప్పుడు పేజీలో ఉన్నట్టే అంగుళాలు ఒక గడిలో, సెంట్లు ఇంకో గడిలో కొట్టిస్తున్నాం. మిల్లీమీటర్లలోకి మార్చడం కుర్రాళ్ల పని కాదు, చివర్లో సూత్రం చేస్తుంది:

```
=ROUND((A2+B2/100)*25.4,1)
```

లెక్కల_మాస్టారు

పంతులుగారి చిట్కా మంచిదే. కాకపోతే ఊరికే వచ్చిన తేడా కూడా తొమ్మిదింట ఒకసారి తొమ్మిదితో పోతుంది. అది జాడ మాత్రమే, రుజువు కాదు. పేజీ తెరిచి చూడకుండా అంకె మార్చొద్దు.

గుమాస్తా కూడిక తప్పయితే దిద్దకండి. ఆయన రాసిన మొత్తం ఆయనదిగానే ఉంచండి. మీ కూడిక పక్క వరసలో పెట్టి, తేడా ఉందని గుర్తు వేయండి. రోజువారీ అంకెలు తప్పా, మొత్తం తప్పా అన్నది వందేళ్ల తరవాత మీరు తేల్చలేరు.

మొత్తం సరిపోయిందంటే పేజీ సరైనదేనని మాత్రం అనుకోవద్దు. రమణి గారు చెప్పిన జారుడు సంగతి చూడండి. 14 నుంచి నెలాఖరు దాకా అంకెలన్నీ ఒక గడి కిందికి జారితే, ఆఖరి రోజు వాన లేకపోతే కూడిక మారదు. వాన పడిన రోజుల సంఖ్యా మారదు. రెండు పరీక్షలూ సరే అంటాయి, తేదీలన్నీ తప్పు. మీకు కావలసింది తుపాను ఏ రోజు ఎంత కురిసిందన్నది కాబట్టి ఇది మామూలు తప్పు కాదు.

దానికి మందు పక్క ఊరు. తుపాను వాన ఒక్క స్టేషన్ మీదే పడదు. దగ్గరి స్టేషన్ అదే నెల పక్కన పెట్టండి. అక్కడ 3, 4, 5 తేదీల్లో జోరు, ఇక్కడ అదే ఆకారంలో 4, 5, 6 తేదీల్లో జోరు ఉంటే పేజీ తెరవండి. ఒకసారి కుర్రాడి తప్పు ఉంటుంది, ఒకసారి పాత పరిశీలకుడి అలవాటు ఉంటుంది. పొద్దున గేజు కొలిచినప్పుడు ఆ అంకె వెనకటి ఇరవై నాలుగు గంటలది, కొలిచిన తేదీ కింద రాయాలి. కొందరు "నిన్నటి వాన కదా" అని నిన్నటి గడిలో రాసేవారు. అలాంటి స్టేషన్‌లో ఏళ్ల తరబడి ఒక రోజు ముందుంటుంది. దాన్నీ దిద్దకండి, గుర్తు వేయండి.

గంజాం_గోపి

ఇంత తల నొప్పి ఎందుకు మాస్టారూ? ఒకడు వందకు ఒకటి తప్పు కొడతాడు, రెండోవాడూ వందకు ఒకటి. ఇద్దరూ ఒకే గడిలో తప్పాలంటే పదివేలకు ఒకటి. అదీ ఒకే తప్పు అంకె కొట్టాలి. అంటే దాదాపు సున్నా. డబుల్ ఎంట్రీ చాలు.

లెక్కల_మాస్టారు

గోపీ, గుణకారం సరైనదే. అది నిజం కావాలంటే ఒకరి తప్పుకీ ఇంకొకరి తప్పుకీ సంబంధం ఉండకూడదు. కానీ ఇద్దరూ చూసేది అదే మరకను కదయ్యా. ఒకటి కింద సిరా కారి ఏడులా కనిపిస్తే ఇద్దరికీ ఏడే కనిపిస్తుంది.

వాదన ఎందుకు, వంశధార గారి అరవై పేజీలే ఉన్నాయి. ఆ పేజీల్ని ఆయనా నేనూ ఒక ఆదివారం కూర్చుని అసలు పుస్తకాలతో అంకె అంకెకూ చూశాం. మొత్తం 5,100 అంకెలు. మొదటి కుర్రాడివి 71 తప్పులు, రెండోవాడివి 58. నీ లెక్క ప్రకారం ఇద్దరూ ఒకేచోట తప్పడం ఒకసారికి మించి జరగకూడదు. జరిగింది తొమ్మిదిసార్లు. తొమ్మిదింటిలోనూ ఇద్దరూ ఒకే తప్పు అంకె కొట్టారు కాబట్టి పోల్చినా దొరకవు.

ఆ తొమ్మిదిలో ఆరు తడిసిన పేజీల్లోవే. తడిసినవి మొత్తంలో పన్నెండో వంతు మాత్రమే గానీ, మా అరవైలో పావు వంతు తీసుకున్నాం. అందుకని ఉన్నదున్నట్టు చెబితే వెయ్యికి 1.8 తప్పులు. రకాల బరువు ప్రకారం సర్దితే వెయ్యికి 1.1. రెండింటిలో ప్లాన్‌కు పనికొచ్చేది రెండోది.

ఇంకో విషయం. మొదటి కుర్రాడి 71లో 13 ఒక్క పేజీలోవే. జులై నెల జారిపోయింది. అంటే అతని చేతికి వచ్చిన పొరపాట్లు 59. తప్పుల్ని లెక్కపెట్టేటప్పుడు జారిన నెలను ఒక ఘటనగా రాసుకోండి, 13గా కాదు. లేకపోతే ఒక్క జారుడుకు మంచి సంపుటం కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

సిరొంచ_శీను

మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట. మేం కూడా ఒకప్పుడు పాత నదీమట్టం పట్టికలు ఎక్కించాం. మీరు కూలి ఎలా ఇస్తున్నారో తెలీదు గానీ, పేజీకి ఇంత అని మాత్రం ఇవ్వకండి. మేం అలాగే ఇచ్చాం. మొదటి వారం రోజుకు ముప్పై పేజీలు, రెండో వారం అరవై. మేం మురిసిపోయాం. తరవాత చూస్తే కష్టమైన గళ్లన్నీ ఖాళీగా వదిలేశారు. ఖాళీ అంటే రికార్డు లేదని మేం అనుకుంటాం కదా, ఎవరికీ అనుమానం రాలేదు. మూడో వంతు మళ్లీ కొట్టించాం. ఆ ఖర్చుకు మోటారు సైకిల్ వచ్చేది.

వంశధార_గట్టు

శీను గారూ, మీరు పుండు మీదే వేలు పెట్టారు. మా దగ్గర ఖాళీ గడికి మూడు అర్థాలు ఉన్నాయి. వాన పడలేదు, కొలవలేదు, కుర్రాడు చదవలేకపోయాడు. అడ్డగీత ఉంటే వాన లేదనే అనుకుంటున్నాం. గీత కూడా లేకపోతే?

లెక్కల_మాస్టారు

కొట్టేవాళ్లకు అర్థం తేల్చే పని ఇవ్వొద్దు, కనిపించింది కొట్టమనండి. గీత ఉంటే `-`, గడి వట్టిగా ఉంటే `B`, అంకె ఉంది గానీ చదవలేకపోతే `?`, చినిగిపోతే `X`. ఏ గడీ ఊరికే వదలకూడదు. అన్నీ నింపాలంటే పేజీకి ఇంకో అర నిమిషం పడుతుంది, వట్టివి లాగి నింపేయొచ్చు. ప్రశ్న గుర్తుకు కూలి తెగదని వాళ్లకు మొదటి రోజే చెప్పండి. చెప్పకపోతే వాళ్లు ఊహించి కొడతారు. ఊహించిన అంకె ఖాళీ కంటే ప్రమాదం.

వట్టి గడి అర్థం నెలను బట్టి చూడాలి. నెల అడుగున మొత్తం రాసి ఉంటే మధ్యలో వట్టివి సున్నాలే కావచ్చు. జనవరి అంతా వట్టిగా ఉంటే మన వైపు ఆశ్చర్యం లేదు. ఆగస్టు అంతా వట్టిగా ఉండి మొత్తం కూడా లేకపోతే గేజు పనిచేయలేదనుకోవాలి.

గంజాం_గోపి

సరే, ఒప్పుకున్నా. మరి ఎన్ని తప్పులు ఉండొచ్చు? సున్నా అంటే ఎప్పటికీ అవదు కదా.

లెక్కల_మాస్టారు

సున్నా అనేవాడు కొలవనివాడు. నా ప్రతిపాదన ఇది. అంకెలున్న గళ్లు మొత్తం 85 చొప్పున 4,08,000. వెయ్యికి రెండు తప్పుల్ని భరిద్దాం. అంటే పని ముగిశాక కూడా దాదాపు 800 తప్పు అంకెలు లోపల ఉంటాయని ఇప్పుడే ఒప్పుకుంటున్నాం. మన పరీక్షలో వచ్చింది వెయ్యికి 1.1 కాబట్టి ఇది అందుకోగలిగిన కోటా.

అయితే అన్ని తప్పులూ ఒకే బరువు కాదు. 0.12 అంగుళానికి బదులు 0.17 పడితే మీ వరద లెక్కకు ఏమీ కాదు. 1.12కు బదులు 11.2 పడితే రాని తుపాను ఒకటి పుట్టుకొస్తుంది. అందుకని నాలుగంగుళాలు దాటిన ప్రతి అంకెనూ, అంటే వంద మిల్లీమీటర్ల పైవి, మూడో మనిషి ఫోటో తెరిచి చూడాలి. ఇక్కడ కోటా లేదు. మీ అరవై పేజీల్లో పేజీకి ఒకటిన్నర చొప్పున వచ్చాయి, మొత్తం 7,200 అవుతాయి. ఒక్కోదానికి అర నిమిషం వేస్తే అరవై గంటలు. పెద్ద అంకె చిన్నదిగా పడితే మాత్రం ఈ వలలో చిక్కదు. దానికి నెల మొత్తం, పక్క ఊరు రెండే దిక్కు.

ఇక ప్రతి సంపుటం అయ్యాక పది పేజీలు చీటీ తీసి మూడో మనిషి చేత కొత్తగా కొట్టించండి. పది పేజీలంటే 850 అంకెలు. కోటా ప్రకారం రావలసినవి 1.7 తప్పులు. నాలుగు దాకా వస్తే సంపుటాన్ని తీసుకోండి, అయిదు వస్తే తిప్పి పంపండి. ఇలా చేస్తే మంచి సంపుటం అన్యాయంగా వెనక్కి పోవడం నూటికి మూడుసార్లే.

ఇక్కడే చాలామంది మోసపోతారు. వెయ్యికి రెండు కాకుండా నాలుగు తప్పులున్న సంపుటం కూడా ఇదే పరీక్షలో నాలుగింట మూడుసార్లు గట్టెక్కేస్తుంది. పది పేజీలకు అంత కంటి చూపు లేదు. అది పూర్తిగా చెడిన సంపుటాన్ని పట్టుకోవడానికే. అసలు తప్పుల శాతం చెప్పాలంటే 52 సంపుటాల నమూనాలూ కలిపి చూడాలి. అప్పుడు 520 పేజీలు, 44,200 అంకెలు అవుతాయి. కోటాలో ఉంటే 88 చుట్టుపక్కల తప్పులు రావాలి, పంతొమ్మిది అటూ ఇటూ. నూట ఇరవై వస్తే కోటా దాటామని ధైర్యంగా చెప్పొచ్చు.

రాయగడ_రమణి

మాస్టారూ, ఒక అభ్యంతరం. తడిసిన 400 పేజీలకూ ఇదే కోటా పెడితే అవి ఎప్పటికీ అందులోకి రావు. మీ పరీక్షలోనే వాటిలో వెయ్యికి దాదాపు 4.7 వచ్చాయి. పది పేజీల పరీక్షలో వాటిని మూడింట ఒకసారికి పైగానే తిప్పి పంపుతూ ఉంటారు. మూడోసారి కొట్టినా మరక పోదు కదా.

లెక్కల_మాస్టారు

నిజమే. వాటికి వేరే కోటా పెట్టి, ప్రతి అంకె పక్కనా అది ఏ రకం పేజీ నుంచి వచ్చిందో ఒక వరస ఉంచాలి. వాడుకునేవాళ్లు కావాలంటే వదిలేసుకుంటారు. ఎంత పెట్టాలో నాకూ తేలలేదు.

పద్దుల_పంతులు

ఎంత ఖర్చో చెప్పకుండా ఇంత కథ నడిచింది.

వంశధార_గట్టు

వేశాను పంతులుగారూ, మీరే తప్పులు పట్టండి.

రెండుసార్లు కొట్టడం 1,667 గంటలు. ఇద్దరివీ పోల్చి తేడాలు తేల్చడానికి పేజీకి నాలుగు నిమిషాలు పట్టింది, అది 320 గంటలు. కలిపి దాదాపు 1,990. మనిషి ఎనిమిది గంటలు కూర్చున్నా నికరంగా అయిదు గంటలే పని అవుతోంది, తరవాత తప్పులు పెరుగుతున్నాయి. అంటే 398 రోజుల కూలి. నలుగురిని పెడితే వంద పని దినాలు, నాలుగున్నర నెలలు. రోజుకు 650 చొప్పున 2,58,700 రూపాయలు.

ఫోటోలు రోజుకు 240 చొప్పున ఇరవై రోజులు, ఇద్దరికి 26,000. కెమెరా అద్దె, లైట్లు, గాజు, రెండు హార్డు డిస్కులు 35,000. నమూనా పరీక్షకూ పెద్ద అంకెలకూ అనుభవం ఉన్న మనిషి 29 రోజులు, రోజుకు 900 చొప్పున 26,100. మొత్తం 3,45,800. నాలుగు లక్షల్లో 54,200 మిగులుతాయి. తిప్పి పంపిన సంపుటాలకు అదే దిక్కు.

పద్దుల_పంతులు

కూడిక సరే. మాస్టారు చెప్పిన అర నిమిషం మర్చిపోయావు. గుర్తులు నింపడానికి పేజీకి అర నిమిషం, 4,800 పేజీలు, రెండుసార్లు. ఎనభై గంటలు. పదహారు రోజుల కూలి, 10,400. మిగిలేది 43,800.

వంశధార_గట్టు

తీసుకున్నా. ఆ మిగిలిన డబ్బుతో ఎన్ని సంపుటాలు మళ్లీ కొట్టించగలం అని చూస్తే, సంపుటానికి 92 పేజీలు, రెండుసార్లు కొట్టి తేల్చడానికి దాదాపు అయిదు వేలు. అంటే ఎనిమిది. తొమ్మిదోది చెడితే చేతులెత్తేయాలి.

సిరొంచ_శీను

తడిసినవి ఆఖర్న పెట్టుకోండి అన్నా. డబ్బు అయిపోతే ఫోటోలైనా ఉంటాయి.

రాయగడ_రమణి

కొట్టడం ఆఖర్న పెట్టుకోండి. ఫోటోలు మాత్రం వాటివే ముందు తీయండి. గది కారుతోందన్నారు కదా.

గంజాం_గోపి

తడిసినవి అసలు వదిలేస్తే? 400 పేజీలకు రెండుసార్లంటే 320 గంటలు పోతున్నాయి. పన్నెండో వంతు పేజీలు, అయిదో వంతు సమయం.

వంశధార_గట్టు

గోపీ, నేనూ అదే అనుకున్నా. నిన్న ఆ సంపుటాలు తెరిచి చూశాను. తడిసిన వాటిలో ఎక్కువ భాగం కొండ మీది స్టేషన్లవి. వంశధారకు నీళ్లు వచ్చేది అక్కణ్నుంచే. వాటిని వదిలేస్తే మిగిలేది తీరం వాన. ఒక పేజీలో అక్టోబరు అంతా వట్టి గళ్లు, అడుగున మొత్తం మాత్రం 14 అంగుళాల 20 సెంట్లు అని ఉంది. కొలిచాడు, కూడాడు, రోజులవి ఎక్కించలేదు. మాస్టారూ, దీనికి ఏ గుర్తు వేయమంటారు?

లెక్కల_మాస్టారు

ఫోటో పెట్టండి. ఎదురు పేజీది కూడా.